సాయంత్రం కాఫీ, తెల్లవారుజామున మెలకువ

సాయంత్రం ఐదున్నరకి గ్లాసెడు కాఫీ తాగామనుకోండి. అందులోని కెఫీన్‌లో సగం రాత్రి పదిన్నరకి కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. పావు వంతు తెల్లవారుజామున మూడున్నరకీ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. ఇది సగటు లెక్క. కొందరి కాలేయం ఆ పని రెండు గంటల్లోనే ముగిస్తుంది, కొందరికి తొమ్మిది గంటలు కావాలి.

ఈ లెక్క నాకు అవసరమైంది మా అక్క వల్ల. అక్కది విజయవాడ, స్కూల్లో టీచరు, యాభై రెండేళ్లు. పదిన్నరకి పడుకుంటే వెంటనే నిద్ర పడుతుంది కానీ, రెండున్నరకి ఠక్కున మెలకువ వస్తుంది. ఇక తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లడమే. దానికి తోడు పొద్దున గుండెల్లో మంట, పదకొండున్నర ప్రాంతంలో ఊరికే గుండె దడ. "కాఫీ వల్ల కాదురా, కాఫీ తాగితేనే నాకు నిద్ర పడుతుంది" అనేది. బావగారు అదే ఫిల్టర్లోని కాఫీ తాగి హాయిగా నిద్రపోయేవారు కాబట్టి ఆ మాట ఇంట్లో అందరూ నమ్మారు.

కెఫీన్ నిద్రమత్తును పోగొట్టదు, దాచిపెడుతుంది

మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా పోగవుతుంది. అది తన కోసం ఉన్న గ్రాహకాల మీద వాలినకొద్దీ మనకి కళ్లు బరువెక్కుతాయి. కెఫీన్ ఆకారం అడినోసిన్‌ని పోలి ఉండటంతో ముందే వెళ్లి ఆ చోట్లు ఆక్రమిస్తుంది. అడినోసిన్ ఎక్కడికీ పోదు, చోటు దొరక్క పక్కన నిలబడి ఉంటుంది, అంతే. కెఫీన్ తప్పుకోగానే అదంతా ఒక్కసారి వచ్చి వాలుతుంది. మధ్యాహ్నం కాఫీ దిగిపోయాక వచ్చే నీరసం చాలామందిలో ఇదే.

రాత్రి పడుకునేసరికి రోజంతా పోగైన అడినోసిన్ చాలా ఉంటుంది కాబట్టి, కొంత కెఫీన్ మిగిలి ఉన్నా నిద్ర పట్టేస్తుంది. అక్క చెప్పింది నిజమే. కానీ గాఢనిద్ర తగ్గుతుంది. కొన్ని గంటలు నిద్రపోయాక అడినోసిన్ తగ్గి నిద్ర పలచబడ్డప్పుడు, మిగిలిన కెఫీన్‌ది పైచేయి అవుతుంది. నిద్ర పట్టడంలో ఇబ్బంది లేదు కాబట్టి కాఫీకి సంబంధం లేదనుకోవడం అందుకే పొరపాటు. మధ్యరాత్రి మెలకువని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తగ్గిన నిద్ర మనకే తెలియదు

2013లో అమెరికాలోని డెట్రాయిట్‌లో క్రిస్టఫర్ డ్రేక్ బృందం ఒక చిన్న ప్రయోగం చేసింది. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చినా నిద్ర గంటకు పైగా తగ్గినట్టు యంత్రం చూపించింది. తాము ఎలా నిద్రపోయామో రాసుకున్న డైరీల్లో మాత్రం ఆ నష్టం అంతగా కనిపించలేదు.

400 అంటే చాలా ఎక్కువ, ఒక రోజు మొత్తానికి పెద్దవాళ్లు దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన హద్దు అది. గర్భిణులకి ఆ హద్దు 200. మామూలు గ్లాసు సంగతి 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కగట్టారు. 107 మిల్లీగ్రాములున్న కాఫీ అయితే పడుకోవడానికి దాదాపు 9 గంటల ముందే ఆపాలని వాళ్ల అంచనా. తర్వాత వాళ్లే ఆరోగ్యవంతులైన యువకుల మీద స్వయంగా ప్రయోగం చేస్తే, 100 మిల్లీగ్రాములు 4 గంటల ముందు తాగినా పెద్దగా తేడా కనబడలేదు. 400 అయితే 12 గంటల ముందు తాగినా నిద్ర చెదిరింది.

ఈ రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమైంది ఇది: గడియారం ఒక్కటే చూస్తే చాలదు. గ్లాసులో ఎంత ఉందో తెలియాలి. చిన్న మోతాదు వేళ తప్పినా సర్దుకుంటుంది, పెద్ద మోతాదు సర్దుకోదు. అది కూడా ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మాట. వయసు పెరిగినకొద్దీ నిద్రే పలచబడుతుంది కాబట్టి యాభై దాటినవాళ్లకి ఆ 4 గంటల వెసులుబాటు ఉంటుందని నేను అనుకోను.

మీ గ్లాసులో ఎంతుంది?

కాఫీ పొడి ప్యాకెట్ మీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని రాసి ఉంటుంది. మన దేశంలో అలా రాయడం తప్పనిసరి, చికోరీ 49 శాతం దాటకూడదు. చికోరీ అనేది ఒక మొక్క వేరు. వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ బొత్తిగా లేదు. డికాషన్‌కి నలుపు, చిక్కదనం, కొంత చేదు ఇచ్చేది మాత్రం అదే. అందువల్ల మనం "స్ట్రాంగ్" అని మెచ్చుకునే నల్లటి చిక్కటి డికాషన్‌లో ఒక్కోసారి కెఫీన్ తక్కువే ఉంటుంది. తేలికగా, ఎర్రగా కనబడే చికోరీ లేని కాఫీలో ఎక్కువ ఉండొచ్చు. రంగుని చూసి మోతాదు ఊహించడం కుదరదు.

గింజ రకం ఇంకా ముఖ్యం. అరబికా గింజ బరువులో కెఫీన్ సుమారు 1.2 శాతం, రొబస్టాలో సుమారు 2.2 శాతం. అంటే రొబస్టాలో దాదాపు రెట్టింపు. మన దేశంలో పండేదాంట్లో ఎక్కువ భాగం రొబస్టానే. కొట్టు దగ్గర "ప్లాంటేషన్" అని అడిగితే ఇచ్చేది అరబికా. అరకు లోయలో పండేది కూడా అరబికానే, దానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పీబెర్రీ అంటే పండులో రెండు గింజలకు బదులు ఒకే గుండ్రటి గింజ ఏర్పడటం. అది అరబికాలోనూ ఉంటుంది, రొబస్టాలోనూ ఉంటుంది. పీబెర్రీ అని అడిగినంత మాత్రాన మోతాదు తెలియదు, ఏ చెట్టుదో అడగాలి.

ఇప్పుడు అక్క ఇంటి లెక్క. పొద్దున ఆరింటికి ఫిల్టర్లో నాలుగు పెద్ద చెంచాల పొడి, తూస్తే 20 గ్రాములు వచ్చింది. 70:30 పొడి కాబట్టి అందులో కాఫీ 14 గ్రాములు. కొట్టువాళ్లు ప్లాంటేషన్, రొబస్టా సగం సగం కలుపుతారట. అరబికా 7 గ్రాముల నుంచి 84, రొబస్టా 7 గ్రాముల నుంచి 154, మొత్తం 238 మిల్లీగ్రాములు. పొడిలోనే కొంత మిగిలిపోతుంది కాబట్టి డికాషన్‌లోకి ఓ 200 దిగిందనుకుందాం. ఇద్దరూ చెరిసగం తాగుతారు. అంటే అక్క వాటా 100. పదకొండింటికి స్కూల్లో ఇన్‌స్టంట్ కాఫీ, సుమారు 60. సాయంత్రం ఐదున్నరకి మళ్లీ అదే కొలతతో కొత్త డికాషన్, ఇంకో 100.

రోజు మొత్తం 260. హద్దులోపే. కానీ పదిన్నరకి చూడండి: సాయంత్రం గ్లాసు నుంచి 50, స్కూలు కాఫీ నుంచి 12, పొద్దున గ్లాసు నుంచి 10. కలిపితే 72. ఇన్‌స్టంట్ కాఫీ ఒక కప్పు తాగి వెంటనే మంచం ఎక్కినంత! మెలకువ వచ్చే వేళకి కూడా 40 దాకా మిగిలి ఉంటుంది.

ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి

ఈ లెక్క ఫోన్లో చెప్పగానే అక్క ఆదివారం పూర్తిగా కాఫీ మానేసింది. సోమవారం పొద్దుటికి తల పగిలేంత నొప్పి, విసుగు, పిల్లల మీద కేకలు. "చూశావా, కాఫీ లేకపోతేనే నాకు ఒంట్లో బాగుండదు" అని మళ్లీ మొదలుపెట్టింది. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. అలవాటైన కెఫీన్ ఆగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, రెండు రోజుల్లోపు తీవ్రమవుతుంది, ఒక్కోసారి తొమ్మిది రోజుల దాకా ఉంటుంది. కంగారు, చిరాకు కూడా అందులో భాగమే. కాఫీ వల్ల వచ్చే కంగారుని పోగొట్టుకోవడానికి మానేసి, మానడం వల్ల వచ్చిన కంగారుని చూసి భయపడి మళ్లీ తాగేవాళ్లు చాలామంది.

అందుకని ఈసారి పావు వంతు చొప్పున, మూడు నాలుగు రోజులకోసారి తగ్గించాం. అది కూడా సాయంత్రం గ్లాసు నుంచి మొదలుపెట్టి. పొద్దున గ్లాసు జోలికి వెళ్లలేదు. నిద్రకి దూరంగా ఉన్న గ్లాసు అది, దాన్ని తగ్గించినా రాత్రికి లాభం కొంచెమే.

చివరికి కుదిరిన కొలత ఇది. సాయంత్రం కాఫీ ఐదున్నర నుంచి నాలుగున్నరకి మారింది, స్కూలు నుంచి రాగానే. పొడి వేరే డబ్బా: అరకు అరబికా, 60:40 చికోరీ. ఇద్దరికీ కలిపి 10 గ్రాములే. కాఫీ 6 గ్రాములు, అంటే 72 మిల్లీగ్రాములు. దిగేది 60. అక్క వాటా 30. పదిన్నరకి దాంట్లో మిగిలేది 13. పొద్దుటివి కలిపినా 35. ముందున్న 72లో సగం కూడా లేదు. చికోరీ ఎక్కువ కాబట్టి రంగూ చిక్కదనమూ పోలేదు, గ్లాసూ మారలేదు.

ఇంత లెక్క అక్కర్లేదనుకునే ఇళ్లలో ఇంకో దారి ఉంది, అది పాతదే: రెండో డికాషన్. కెఫీన్ వేడినీళ్లలో ఇట్టే కరుగుతుంది. కాబట్టి పొద్దున మొదటి డికాషన్‌లోనే చాలామటుకు దిగిపోతుంది. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి దింపిన రెండోదాంట్లో మిగిలినది కొద్దే. సాయంత్రానికి దాన్ని వాడుకోవచ్చు. కానీ పలచగా ఉందని పైన ఓ చెంచా కొత్త పొడి వేశామా, అది మళ్లీ మొదటి డికాషన్ కిందే లెక్క.

రెండు వారాలు పోయాక అక్కకి మెలకువలు వారానికి రెండు మూడుకి తగ్గాయి. పూర్తిగా పోలేదు. ఆ వయసులో నిద్ర చెడటానికి ఒంట్లో వేరే కారణాలూ ఉంటాయి, వాటిని కాఫీ మీద వేయకూడదు.

కాఫీ కన్నా మజ్జిగ పులుపు

గుండెల్లో మంట మాత్రం అలాగే ఉండిపోయింది. నేను ఆశ్చర్యపోలేదు. ఎందుకంటే నిద్రనీ గుండె దడనీ కెఫీన్ నడుపుతుంది కానీ, కడుపు సంగతి కెఫీన్ ఒక్కదాని చేతిలో లేదు.

కాఫీలో ఆమ్లం ఉంది కాబట్టి మంట అనుకుంటాం. ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ లెక్కలో అంకె తగ్గినకొద్దీ పులుపు ఎక్కువ. పాలు కలపని కాఫీది సుమారు 5. పెరుగుది 4.5 ప్రాంతం. నిమ్మరసం 2కి దగ్గర. కడుపులో ఊరే ఆమ్లం 1.5 నుంచి 2. అంటే మంట తగ్గుతుందని మనం తాగే మజ్జిగే కాఫీ కన్నా పుల్లన. కాఫీ తనతో తెచ్చే ఆమ్లం లెక్కలోకి రానంత. అసలు పని అది కడుపు చేత ఊరించే ఆమ్లానిది. అన్నవాహిక అడుగున ఉండే కండరాన్ని కాఫీ కొందరిలో కాస్త సడలిస్తుంది కూడా. ఊరిన ఆమ్లం పైకి తన్నితే గుండెల్లో మంట, పులితేన్పులు.

కెఫీన్ తీసేసిన డీకాఫ్ కాఫీ కూడా కడుపులో ఆమ్లాన్ని బాగానే ఊరిస్తుందని 1970లలోనే తేలింది. నిద్ర కోసం డీకాఫ్‌కి మారినవాళ్లకి అది పనికొస్తుంది, కడుపు మంట కోసం మారితే నిరాశే మిగలొచ్చు. చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టే కోల్డ్ బ్రూ కూడా అంతే. 2018లో కొలిచి చూస్తే వేడి కాఫీకీ దానికీ పీహెచ్‌లో తేడా లేదు. మొత్తం ఆమ్లాలు మాత్రం వేడిదాంట్లో కొంత ఎక్కువ.

కొంత ఆశ చూపించేది వేపుడు. గింజని ముదురుగా వేయిస్తే ఆమ్లం ఊరించే కొన్ని పదార్థాలు తగ్గి, దాన్ని తగ్గించే మరో పదార్థం పెరుగుతుంది. కొద్దిమంది మీద జరిగిన ప్రయోగంలో ముదురు వేపుడు కాఫీకి ఆమ్లం తక్కువ ఊరింది. చిన్న ప్రయోగమే. కానీ కొట్టులో "కాస్త నల్లగా వేయించినది ఇవ్వండి" అని అడగడానికి ఖర్చేమీ లేదు. వేపుడు వల్ల కెఫీన్ పెద్దగా తగ్గదని గుర్తుంచుకోవాలి. ఇది కడుపు కోసమే, నిద్ర కోసం కాదు.

పెద్ద అధ్యయనాలు ఇక్కడ ఒకదానితో ఒకటి పొసగవు. జపాన్‌లో ఎనిమిది వేల మందిని పరిశీలించి 2013లో రాసిన దాంట్లో కాఫీకీ అల్సర్లకీ, ఆమ్లం పైకి తన్నడానికీ సంబంధం కనిపించలేదు. అమెరికాలో నర్సుల మీద జరిగిన, ఇంకా పెద్దదైన అధ్యయనంలో రోజుకి ఆరు కప్పులకి పైగా తాగేవాళ్లలో మంట ఎక్కువగా కనిపించింది. కాబట్టి ఎవరి కడుపుని వాళ్లే పరీక్షించుకోవాలి. వారానికి ఒకే మార్పు. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

అక్క మొదటి వారం కాఫీని ఇడ్లీ తిన్నాక తాగింది, కొంత తేడా వచ్చింది. రెండో వారం ముదురు వేపుడు పొడి తెచ్చింది, పెద్ద తేడా లేదు. మూడో వారం చేసిన మార్పే గట్టిగా పనిచేసింది: కాఫీ తాగి మళ్లీ అరగంట నడుం వాల్చే అలవాటు మానింది. ఆమ్లం ఊరే వేళలో పడుకుంటే అది పైకి రావడానికి దారి మనమే ఇచ్చినట్టు.

మంట కాకుండా ఉబ్బరం అయితే ఇంకొకటి చూడాలి. చికోరీలో ఇనులిన్ అనే పీచు ఉంటుంది. అది పేగుల్లో పులిసి కొందరికి గ్యాస్ చేస్తుంది. నిద్ర కోసం చికోరీ పెంచినవాళ్లకి ఈ ఇబ్బంది ఎదురైతే, చికోరీ తగ్గించి మొత్తం పొడినే తగ్గించుకోవడం మేలు. నల్లటి విరేచనం, మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఛాతీనొప్పితో చెమటలు పట్టడం లాంటివి ఉంటే ఇలాంటి పరీక్షలేవీ పెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పదకొండున్నర దడ

కాఫీ తాగిన అరగంట నుంచి గంటలోపు రక్తంలో కెఫీన్ పతాకస్థాయికి చేరుతుంది. గుండె దడ, చేతి వణుకు, ఊరికే కంగారు ఆ సమయంలోనే వచ్చి రెండు మూడు గంటల్లో తగ్గుతుంటే కాఫీని అనుమానించాలి. కాఫీ వేళతో పొంతన లేకుండా వస్తుంటే థైరాయిడ్, రక్తహీనత లాంటివి చూపించుకోవాలి.

అక్క స్కూలు కాఫీ 60 మిల్లీగ్రాములే. కానీ ఆరింటి 100లో సగం అప్పటికింకా మిగిలే ఉంది. రెండూ కలిసి 110. పైగా ఆ వేళకి కడుపు ఖాళీ, వెంటనే గోలగా ఉండే క్లాసు. అలాంటప్పుడు దడ వస్తే మనసు దానికో కారణం వెతుకుతుంది, ఏదో జరగబోతోందన్న భయం పుడుతుంది. పానిక్ జబ్బు ఉన్నవాళ్లకి 400 మిల్లీగ్రాముల పైన ఇచ్చి చూసిన ప్రయోగాల్లో దాదాపు సగం మందికి పానిక్ వచ్చింది. అలాంటి జబ్బు ఉన్నవాళ్లు మామూలువాళ్ల హద్దులు తమకి వర్తించవని తెలుసుకోవాలి.

అక్క ఆ కప్పులో ఇన్‌స్టంట్ పొడి సగానికి తగ్గించి, పాలు పెంచి, రెండు బిస్కెట్లతో తాగుతోంది. దడ తగ్గింది.

మరి బావగారు?

అదే డికాషన్, అదే వాటా, అదే మంచం. ఆయనకెందుకు నిద్ర చెడలేదు? కెఫీన్‌ని విరిచే పని కాలేయంలోని ఒక ఎంజైముది. సిగరెట్ పొగ ఆ ఎంజైముని పరుగెత్తిస్తుంది. రోజూ కాల్చేవాళ్లలో కెఫీన్ దాదాపు రెట్టింపు వేగంతో ఖాళీ అవుతుంది. బావగారు ముప్ఫై ఏళ్లుగా కాల్చేవారు. గర్భనిరోధక మాత్రలు దీనికి వ్యతిరేకంగా పనిచేస్తాయి, కెఫీన్ రెట్టింపు సేపు ఉంటుంది. నిండు గర్భిణుల్లో అది సగానికి తగ్గడానికి పదిహేను గంటలు దాకా పట్టొచ్చు. ఇన్ఫెక్షన్లకి ఇచ్చే సిప్రోఫ్లోక్సాసిన్ మాత్ర కూడా ఆ ఎంజైముని అడ్డుకుంటుంది. ఆ మాత్రలు వాడే నాలుగు రోజులూ అలవాటైన కాఫీయే గుండె దడ తెప్పించొచ్చు.

మొన్న దసరాకి బావగారు సిగరెట్లు మానేశారు. నెల తిరక్కుండానే చిరాకు, రాత్రి నిద్రలేమి. సిగరెట్ మానితే అంతే అని అందరూ సర్దిచెప్పారు. కొంత నిజమే. కానీ పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే ఆ ఎంజైము మామూలు నడకకి వచ్చేస్తుంది. తాగే కాఫీ మారకపోయినా రక్తంలో కెఫీన్ పెరుగుతుంది. ఆయన ఆ చిరాకుకి విరుగుడుగా స్కూటరు వేసుకెళ్లి రాత్రి ఎనిమిదింటికి ఇంకో కాఫీ తాగి వస్తున్నారని అక్క చెప్పింది. ఆ కాఫీ ఆపించి, పొద్దున ఫిల్టర్లో 20 గ్రాములు వేసే చోట 15 వేయమన్నాను. రుచి తేడా కనిపెట్టి ఆయన అడిగితే చెబుదామనుకున్నాం. ఇంకా అడగలేదు.